కలలో పడిపోతున్నట్టు ఎందుకు అనిపిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను సైకాలజిస్టుని. నిద్ర సరిగా పట్టడం లేదని వచ్చేవాళ్లు మాటల మధ్యలో కలల సంగతి వాళ్లంతట వాళ్లే ఎత్తుతారు. వాటిలో నేను ఎక్కువగా వినేది ఇదే: "ఎక్కడినుంచో పడిపోతూ ఉంటానండీ, కింద తగలకముందే మెలకువ వచ్చేస్తుంది." ఆ తర్వాత అడిగే ప్రశ్నలు కూడా దాదాపు అవే ఉంటాయి. వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఈ కల నాకొక్కరికే వస్తోందా?

కాదు. కెనడాలో యూనివర్సిటీ విద్యార్థులను అడిగి 2003లో ప్రచురించిన సర్వేలో నలుగురిలో దాదాపు ముగ్గురు, జీవితంలో ఒక్కసారైనా పడిపోయే కల వచ్చిందని చెప్పారు. అంతకన్నా ఎక్కువమంది చెప్పిన కలల్లో ఒకటి, ఎవరో తరుముతున్నట్టు రావడం. అంతకుముందు 1958లో అమెరికా, జపాన్ విద్యార్థులను పోల్చి చూసినప్పుడు కూడా రెండు దేశాల్లోనూ ఈ కల చాలామందికి తెలిసిందేనని తేలింది. కాబట్టి కల వచ్చిందన్నంత మాత్రాన అది జబ్బు కాదు.

నిద్ర పట్టీ పట్టకముందే మెట్టు తప్పినట్టయి ఉలిక్కిపడతాను. అది కూడా ఇదే కలా?

ఈ తేడా తెలిస్తే సగం భయం పోతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పడుకున్న పది, ఇరవై నిమిషాల్లో, కళ్లు మూతలు పడుతుండగా కాలు ఒక్కసారి తన్నుకున్నట్టవుతుంది. గుండె దడదడమంటుంది. మెట్టు లేనిచోట అడుగు వేసినట్టో, మంచం అంచునుంచి జారినట్టో ఒక్క క్షణం అనిపిస్తుంది. దీన్ని హిప్నిక్ జెర్క్ అంటారు. మెలకువనుంచి నిద్రలోకి జారేటప్పుడు కండరాలు ఒక్కసారి బిగుసుకోవడం వల్ల వచ్చేది ఇది. మెదడులో మెలకువను నిలిపి ఉంచే భాగం నెమ్మదిగా వెనక్కి తగ్గుతుంటే, నిద్రను తెచ్చే భాగం ముందుకొస్తుంది. ఈ చేతులు మారడం ప్రతిసారీ సాఫీగా జరగదు. మధ్యలో ఒక తప్పుడు సంకేతం కండరాలకు వెళ్తుంది, ఒళ్లు ఉలిక్కిపడుతుంది.

చెట్లమీద నిద్రపోయిన మన పూర్వీకులు కిందపడకుండా ఇది కాపాడేదని కొందరు చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ అది ఊహే, రుజువైన విషయం కాదు.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ముందు కల వచ్చి దానివల్ల ఉలిక్కిపడ్డామా, లేక ఉలిక్కిపడ్డాక మెదడు ఆ కలను అల్లిందా? రెండూ సాధ్యమే. అయితే ఈ కలలో కథ ఉండదని గమనించండి. ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, అక్కడికెలా వెళ్లారు అని అడిగితే ఏమీ చెప్పలేరు. ఉన్నదల్లా ఒక్క జారుడే. అందుకే దీనిలో జీవితానికి సంబంధించిన అర్థం వెతకమని నేను చెప్పను. నిద్ర తక్కువైనా, సాయంత్రం దాటాక టీ కాఫీలు తాగినా, పడుకునే ముందు బాగా కసరత్తు చేసినా, టెన్షన్‌లో ఉన్నా ఇది ఎక్కువవుతుంది. టెన్షన్ దీన్ని పెంచుతుంది, అంతే. ఆ టెన్షన్ దేనిగురించో ఇది చెప్పదు.

మరి తెల్లవారుజామున వచ్చే పెద్ద కల సంగతేమిటి?

అది వేరే రకం. మన నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా సాగుతుంది. ప్రతి చుట్టు చివర రెమ్ నిద్ర వస్తుంది. కళ్లు మూసి ఉన్నా గుడ్లు వేగంగా కదిలే దశ ఇది. షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు 1953లో దీన్ని బయటపెట్టారు. మొదటి చుట్టులో ఇది కొన్ని నిమిషాలే ఉంటుంది, తెల్లవారేకొద్దీ అరగంట దాకా పెరగవచ్చు. కథ, మనుషులు, ఊళ్లు, భయం అన్నీ ఉన్న పొడవాటి కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి.

"తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుంది" అని మన ఇళ్లలో అంటారు కదా. ఆ మాట వెనక ఉన్న గమనింపు మాత్రం సరైనదే. ఆ వేళ కలలు పొడవుగా, స్పష్టంగా ఉంటాయి. వెంటనే మెలకువ వస్తుంది కాబట్టి గుర్తుంటాయి. అర్ధరాత్రి వచ్చినవి గుర్తుండవు, పోల్చి చూసుకోవడానికి మిగలవు.

అన్నీ వదిలేసి పడిపోవడమే ఎందుకు వస్తుంది?

దీనికి ఒంటివైపునుంచి ఒక జవాబు ఉంది, మనసువైపునుంచి ఇంకొకటి ఉంది.

ముందు ఒళ్లు. చెవి లోపలి భాగంలో మూడు అర్ధవృత్తాకార గొట్టాలు, వాటి పక్కన చిన్న సున్నపు రేణువులున్న సంచులు ఉంటాయి. తల ఎటు తిరిగింది, పైకి వెళ్తున్నామా కిందికి వెళ్తున్నామా అన్నది మెదడుకి చెప్పేవి ఇవే. ఆ కబురు అందుకునే కేంద్రాలు మెదడు కాండంలో ఉంటాయి, రెమ్ నిద్రలో అవి చురుగ్గా పనిచేస్తుంటాయి. అదే సమయంలో మెడనుంచి కాళ్లదాకా కండరాలు దాదాపు పూర్తిగా వదులైపోతాయి. కలలో పరిగెడుతున్నా నిజంగా మంచం దిగి పరిగెత్తకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు అది. ఒకవైపు "కదులుతున్నావు" అన్న కబురు వస్తోంది, ఇంకోవైపు కాలికి నేల తగులుతున్న జాడ లేదు. ఈ రెండూ కలిస్తే ఎగురుతున్నట్టో పడుతున్నట్టో మెదడు అర్థం చేసుకుంటుందని కొందరు నిద్ర పరిశోధకుల అభిప్రాయం. ఎగిరే కలలు, పడే కలలు కొందరికి ఒకే రాత్రి రావడానికి కూడా ఇదే కారణం కావచ్చు.

అయితే కదలిక సంకేతం ఒకటే అయినప్పుడు ఒకరోజు హాయిగా తేలిపోయి, ఇంకోరోజు గొంతు ఎండిపోయేలా ఎందుకు పడతాం? ఇక్కడే మనసు పాత్ర మొదలవుతుంది. ఆ సమయంలో లోపల ఏ భావం బలంగా ఉందో దాన్నిబట్టి కల రంగు మారుతుంది.

మన భాషనే చూడండి. ఏదైనా మన చేతుల్లో లేకుండా పోయినప్పుడు ఏమంటాం? పరిస్థితి చేజారింది అంటాం. పట్టు తప్పింది, కాళ్లకింద నేల కదిలింది, గుండె జారింది, వ్యాపారం పడిపోయింది, నిలదొక్కుకోలేకపోయాడు అంటాం. ఒక్కటైనా మనసు గురించిన మాటలా ఉందా? అన్నీ ఒంటితో అనుభవించే పడటం, జారడం, పట్టుకోవడమే. అడుగులు నేర్చుకునే వయసులో మనం మొదట ఎరిగిన అదుపు నిలబడటమే, మొదట ఎరిగిన ఓటమి పడటమే. పగలు ఈ భావాన్ని మాటల్లో చెప్పుకుంటాం. నిద్రలో మెదడు ఎక్కువగా బొమ్మల్లో పనిచేస్తుంది కాబట్టి, ఆ మాటే బొమ్మగా వస్తుందని నేను అనుకుంటాను. ఇది నా చదువు, అనుభవం కలిపి చెబుతున్న అభిప్రాయమే.

అంటే ఈ కల వస్తే నా జీవితం అదుపు తప్పిందని అర్థమా?

అలా సూటిగా చెప్పలేం. పాము కనిపిస్తే ఇది, పడితే అది అన్నట్టు కలలకు నిఘంటువు లేదు. పరిశోధనల్లో కొంత బలంగా నిలబడినది ఇంకొకటి ఉంది: పగటి చింతలు, పగటి భావాలు కలల్లోకి కొనసాగుతాయి. కాల్విన్ హాల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త వేలాది కలలను పోగుచేసి ఈ వాదానికి పునాది వేశాడు. కలలో కనిపించే సంఘటన పగలు జరిగి ఉండాలని లేదు, దానిలోని భావం మాత్రం పగటినుంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ.

అందుకే నేను "ఎక్కడినుంచి పడ్డారు?" అని అడిగి ఊరుకోను. ముఖ్యంగా అడిగేది "ఏది ఊడిపోయింది?" అని. తోసేస్తే పడటం, పట్టుకున్నది ఊడితే పడటం, దారి చూడక పడటం, తానే దూకడం ఒకటి కావు. రెండో ప్రశ్న, పడుతున్నప్పుడు ఏమనిపించింది అని. భయమా, సిగ్గా, ఎవరిమీదైనా కోపమా? కొందరు "అమ్మయ్య అనిపించిందండీ" అంటారు. వాళ్లకు ఆ పడటం ఒక బరువు దిగడం. దాన్ని అదుపు తప్పిన బాధ కింద లెక్కేస్తే పొరపాటే.

ఒక ఉదాహరణతో చెప్పగలరా?

మా మేనకోడలి సంగతి చెబుతాను, తన అనుమతితోనే. ప్రభుత్వ ఉద్యోగ పరీక్షకి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుతోంది. పరీక్ష తేదీ అప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. ఒక ఆదివారం ఫోన్ చేసి, "మామయ్యా, రాత్రి మళ్లీ పడ్డాను. పరీక్ష పోతుందనేనా?" అంది.

నేను జవాబు చెప్పలేదు. దిండు పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోమన్నాను. మెలకువ రాగానే ఫోన్ ముట్టుకోకుండా, అటూ ఇటూ దొర్లకుండా మూడు ముక్కలు రాయాలి: టైమెంత, ఏది ఊడింది, ఏమనిపించింది. సాయంత్రం ఆ రోజు గురించి ఒక్క వాక్యం. అంతే.

అయిదు వారాల్లో పదకొండు సార్లు రాసింది. వాటిలో ఏడు, పడుకున్న అరగంటలోపువే. కథ లేదు, కాలు జారింది, అంతే. ఆ ఏడింటిలో ఆరు, రాత్రి పదిన్నరకి రూమ్మేట్లతో కలిసి టీ తాగి చదివిన రోజులవి. టీ కాఫీల్లోని కెఫీన్ సుమారు అయిదు గంటల తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి ఆ ఏడింటిని పక్కన పెట్టేశాం.

మిగతా నాలుగూ తెల్లవారుజామున నాలుగు, ఆరు మధ్య వచ్చాయి. నాలుగింటిలోనూ ఒకటే చోటు, వాళ్ల ఊళ్లో వాటర్ ట్యాంకు. దానికి ఇనుప నిచ్చెన ఉంటుంది. చిన్నప్పుడు వాళ్లన్న ఎక్కేవాడు, తను ఎప్పుడూ ఎక్కలేదు. కలలో సగంపైకి ఎక్కాక చేత్తో పట్టుకున్న మెట్టు ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. కాలికింద మెట్టు బాగానే ఉంటుంది. కింద కుళాయి దగ్గర వాళ్లమ్మ బిందెలో నీళ్లు పడుతూ ఉంటుంది, ఎంత అరిచినా తల ఎత్తదు.

మాక్ టెస్టుల ముందురోజు రాత్రి ఈ కల వస్తుందని తను అనుకుంది. ఒక్కసారి కూడా అలా రాలేదు. రెండుసార్లు, టెలిగ్రామ్ గ్రూపుల్లో "మళ్లీ వాయిదా అంట" అని పుకారు తిరిగిన రోజుల తర్వాత వచ్చింది. ఒకసారి నాన్న ఫోన్ చేసి "కౌలు డబ్బులొచ్చాయి తల్లీ, నీకే పంపేస్తున్నా" అన్న రోజున వచ్చింది. నాలుగోదానికి ముందురోజు చెప్పుకోదగ్గది ఏమీ లేదు. దానికి ఏదో ఒక కారణం అంటగట్టాలని మేం ప్రయత్నించలేదు.

ఇదంతా ముందు పెట్టుకుని చూస్తే తనకే తట్టింది. "చదువు మీద నాకు భయం లేదు మామయ్యా. కాలికింద మెట్టు ఊడట్లేదుగా. నేను పట్టుకున్నదే నా చేతిలో లేదు" అంది. ఆ మాట నేను చెప్పి ఉంటే అంత నప్పేది కాదు. నాలుగు కలలతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ ఆ మాట అన్నాక తను చేసిన పనులు వేరుగా ఉన్నాయి. ఇంకా ఎక్కువ గంటలు చదవాలన్న ఆలోచన మానేసింది. టెలిగ్రామ్ గ్రూపులను మ్యూట్ చేసి, రోజుకొకసారి సాయంత్రం ఏడింటికి మాత్రమే చూసేది. వేసవి దాకా చూస్తానని, ఆ తర్వాత ప్రైవేటు స్కూల్లో చేరి చదువుకుంటానని నాన్నకి చెప్పింది. పరీక్ష తేదీ తన చేతిలో లేదు. ఎన్నాళ్లు ఎదురుచూడాలన్నది మాత్రం తన చేతిలోనే ఉంది.

పంచాంగాల్లో స్వప్న ఫలాలు వేరేగా ఉంటాయి. వాటి సంగతి?

ఎత్తునుంచి పడితే ఇది జరుగుతుంది, అది పోతుంది అన్న ఫలాలు చదివి నిద్రపోవడానికే భయపడేవాళ్లని చూశాను. వాళ్లకి నేను చరక సంహిత గుర్తు చేస్తాను. అందులో కలలు ఏడు రకాలు: దృష్టం, శ్రుతం, అనుభూతం, ప్రార్థితం, కల్పితం, భావికం, దోషజం. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి కలలుగా వస్తే వాటికి ఫలం లేదని ఆ గ్రంథమే చెబుతుంది. దోషజం అంటే ఒంట్లో వాత, పిత్త, కఫాలు చెడి వచ్చేది. భావికం అంటే జరగబోయేది చెప్పేదని కూడా అంది, దాన్ని నేను నమ్మను. కానీ మనకు వచ్చే కలల్లో ఎక్కువభాగం పగటి బతుకులోంచే పుడతాయని మన పాత వైద్యులు గుర్తించారు. పడిపోయే కల వచ్చిందని ప్రయాణం మానుకోవద్దు, నిశ్చితార్థం వాయిదా వేయొద్దు.

కలలో నేల తాకితే నిజంగా చనిపోతారా?

లేదు. నేల తాకి, లేచి దులుపుకుని నడిచివెళ్లినట్టు కల వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువసార్లు తగలకముందే మెలకువ రావడానికి కారణం, భయం పెరిగి గుండె వేగం పుంజుకుని నిద్ర చెదిరిపోవడమే.

ఒకే కల మళ్లీ మళ్లీ వస్తుంటే ఏం చేయాలి?

పీడకలలకు బాగా పరీక్షించి చూసిన పద్ధతి ఒకటుంది, కలను మార్చి మనసులో సాధన చేయడం. అమెరికాలో బారీ క్రాకోవ్ అనే వైద్యుడి బృందం దీనిపై 2001లో పెద్ద పరిశోధన ప్రచురించింది. ఇది పగటిపూట, మెలకువగా చేసే పని. కలను కాగితం మీద రాయండి. ఏ చోట మార్చాలనిపిస్తే ఆ చోట, మీకు నచ్చినట్టు మార్చి మళ్లీ రాయండి. తర్వాత కళ్లు మూసుకుని ఆ కొత్త కలను మాత్రమే రోజుకి పది, ఇరవై నిమిషాలు ఊహించుకోండి. పాతదాన్ని మళ్లీ తలుచుకోవద్దు. రెండు మూడు వారాలు ఇలా చేయాలి.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, కలను మరీ గొప్పగా మార్చడం. రెక్కలు వచ్చి ఎగిరిపోయినట్టు రాస్తారు, మనసు దాన్ని ఒప్పుకోదు. మా మేనకోడలు కూడా మొదట ట్యాంకు పైకి చేరినట్టు రాసింది, పని చేయలేదు. తర్వాత చిన్న మార్పు చేసింది. చేతిలో మెట్టు ఊడుతుంది, దాన్ని కిందికి వదిలేసి నిచ్చెన పక్క కమ్మీ పట్టుకుని మెల్లగా దిగుతుంది. కింద అమ్మ చేతిలోని బిందె అందుకుంటుంది. ఆ తర్వాత ఆ కల రెండుసార్లు వచ్చింది. రెండోసారి పడలేదు, సగంలో ఆగి కమ్మీ పట్టుకుని నిలబడింది.

ప్రమాదం, దాడి, ఆత్మీయుల మరణం లాంటివి నిజంగా చూసి, అవే కలల్లో వస్తుంటే ఇది ఒంటరిగా చేయకండి. ఈ పద్ధతి తెలిసిన నిపుణుల దగ్గర కూర్చుని చేయాలి.

డాక్టర్‌కి ఎప్పుడు చూపించుకోవాలి?

కలలా అనిపించినా కల కానివి కొన్ని ఉన్నాయి. మంచంమీద ఒక పక్కకి తిరగగానే కొన్ని సెకన్లపాటు గది గిర్రున తిరిగి పడిపోతున్నట్టు ఉంటే, అది చెవిలోని రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చే తల తిరుగుడు కావచ్చు. ఈఎన్‌టీ డాక్టర్ తలను ఒక పద్ధతిలో తిప్పి చాలావరకు సరిచేయగలరు.

పొద్దున్న లేచాక చేతులు ఉలిక్కిపడి, గ్లాసో బ్రష్షో జారిపోతుంటే, ముఖ్యంగా టీనేజీ పిల్లల్లో, అది ఒక రకం మూర్ఛ అయ్యుండొచ్చు. న్యూరాలజిస్టుకి చూపించండి. యాభై దాటినవాళ్లు కలలో జరిగేదానికి తగ్గట్టు నిద్రలోనే తన్నడం, అరవడం, మంచంమీదనుంచి నిజంగా పడిపోవడం చేస్తుంటే తప్పకుండా చూపించాలి. రెమ్ నిద్రలో వదులవ్వాల్సిన కండరాలు వదులవ్వడం లేదని అర్థం, కొందరిలో ఇది పార్కిన్సన్స్‌కి ముందస్తు గుర్తు.

బీపీకి ఇచ్చే కొన్ని బీటా బ్లాకర్లు, డిప్రెషన్ మందులు కూడా కలలను పెంచుతాయి. మందు మొదలుపెట్టాకే కలలు ఎక్కువైతే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

అర్ధరాత్రి పడిపోతూ లేచాను. మళ్లీ నిద్ర పట్టాలంటే?

టైము చూడకండి. రెండు అరికాళ్లనూ నేలమీద ఆనించి మంచం అంచున కాసేపు కూర్చోండి. ఊపిరి పీల్చేదానికన్నా వదిలేది పొడవుగా ఉండేలా పది సార్లు తీయండి. కాస్త మంచినీళ్లు తాగండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచంమీద దొర్లకుండా, తక్కువ వెలుతురులో ఏదైనా మడతపెట్టే పనో సర్దే పనో చేసి, కళ్లు బరువెక్కాక వచ్చి పడుకోండి.